అన్నదమ్ముల కౌలు: ‘సగం సగం’ అన్న మాట నాలుగు లెక్కలైన వైనం

ఇద్దరు అన్నదమ్ములు, ఆరెకరాల కౌలు పొలం, కాగితం లేని ఒప్పందం. గోదావరి డెల్టాలో ఏ ఊరికి వెళ్లినా ఇలాంటి తగాదా ఒకటి వినబడుతుంది. తగాదా వచ్చాక ఊరు రెండుగా చీలి, అన్న అన్యాయం చేశాడని కొందరు, తమ్ముడికి ఓర్పు లేదని కొందరు మాట్లాడుకుంటారు. నిజానికి చాలా తగాదాల్లో ఎవరూ మోసం చెయ్యరు. ఒప్పందంలోనే లెక్క ఉండదు. అది ఎలా జరుగుతుందో ఒక చిన్న కథగా, అంకెలతో సహా చూద్దాం. మనుషులు ఊహించినవాళ్లే, లెక్క మాత్రం డెల్టాలో నడిచేదే.

2025 సార్వాకు, అంటే వానాకాలం పంటకు ముందు, హైదరాబాద్‌లో ఉంటున్న ఒక ఆసామి ఆరెకరాలు కౌలుకిచ్చాడు. ఏడాదికి ఎకరాకు 30 బస్తాలు మక్తా. సార్వాలో 14, రెండో పంట దాళ్వాలో 16. మక్తా అంటే పండినా పండకపోయినా ఇవ్వాల్సిందే. అదే కోరుకు, అంటే పండినదాంట్లో వాటాకు చేస్తే పంట తగ్గినప్పుడు ఆసామి వాటా కూడా తగ్గుతుంది, మక్తాలో ఆ వెసులుబాటు లేదు. ఆసామితో మాట్లాడింది అన్న. తమ్ముడికి సొంత ట్రాక్టరు ఉంది. ఇద్దరి మధ్య ఒప్పందం గట్టు మీద రెండు మాటల్లో అయిపోయింది.

“ఒరేయ్, సగం సగం. మన మధ్య లెక్కలేంట్రా?”

“అలాగే అన్నయ్యా.”

కౌలు కార్డు అన్న పేరున వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం, ఆసామి సంతకం చేస్తేనే ఈ కార్డు వస్తుంది, గడువు 11 నెలలు. భూమి మీద హక్కు పోతుందేమోనన్న భయంతో చాలామంది ఆసాములు ఆ సంతకమే పెట్టరు. ఈయన ఒక్కదాని మీదైనా పెట్టాడు కదా అని ఇద్దరూ సంతోషించారు. తమ్ముడి పేరున ఇంకో కార్డుకు రెండో సంతకం అడగడానికి అన్నకు మొహమాటం వేసింది. ఈ కథలో పెద్ద నష్టాలు అక్కణ్నుంచే మొదలవుతాయి. ప్రభుత్వం పంటలు నమోదు చేసే ఈ-పంటలో ఆరెకరాలూ అన్న పేరునే నమోదయ్యాయి. కాబట్టి ధాన్యం డబ్బు అన్న ఖాతాలోనే పడుతుంది, పంట నష్టం సాయం వచ్చినా అందులోనే పడుతుంది.

దుక్కి, దమ్ము, నారు, నాట్లు, ఎరువులు, మందులు, కోత అన్నీ కలిపి ఎకరాకు 30,000 చొప్పున నగదు ఖర్చు 1,80,000 అనుకుందాం. అన్న 1,10,000 పెట్టాడు, తమ్ముడు 70,000 పెట్టాడు. దమ్ము తమ్ముడి ట్రాక్టరుతోనే చేశారు. డీజిల్ ఖర్చు పైన చెప్పిన మొత్తంలో కలిసిపోయింది కానీ బండి కిరాయి ఎవరూ రాయలేదు. బయటి ట్రాక్టరు పెట్టుంటే, డీజిల్ కాక, ఎకరాకు 4,000 చొప్పున 24,000 అయ్యేదనుకుందాం.

అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. గింజ గట్టిపడే దశలో ఉన్న చేను పడిపోయింది. నీళ్లలో నానిన వెన్నులు కొన్ని మొలకెత్తాయి, కొన్ని రంగు మారాయి. పడిపోయిన చేనులో కోత కోసే చైన్ మిషన్‌కు ఎక్కువ గంటలు పడుతుంది, గింజ కూడా ఎక్కువ రాలిపోతుంది. ఎకరాకు 35 బస్తాలు రావాల్సిన చోట 22 వచ్చాయి. మొత్తం 132 బస్తాలు. అందులో 84 ఆసామికి. మిగిలిన 48 బస్తాలు, 75 కిలోల బస్తా 1,777 రూపాయల ఆ ఏటి మద్దతు ధరకు, 85,296 రూపాయలు. రంగు మారిన ధాన్యానికి ఆ ధర నిజంగా దక్కుతుందా అన్నది వేరే కథ, లెక్క కోసం దక్కిందనే అనుకుందాం.

సాయం సంగతి చూడండి. 2025 నాటి కేంద్ర విపత్తు సాయం నిబంధనల ప్రకారం 33 శాతం, ఆపైన పంట నష్టపోయిన నీటి వసతి భూమికి హెక్టారుకు 17,000, ఒక రైతుకు గరిష్ఠంగా రెండు హెక్టార్లు. రాష్ట్రం దానికి పైన కలిపితే మొత్తం మారుతుంది. ఇక్కడ కేంద్ర నిబంధన వరకే లెక్క కడదాం, నష్టం అంచనా ఆ గీత దాటిందనుకుందాం. ఆరెకరాలంటే దాదాపు 2.43 హెక్టార్లు. ఒక్క పేరున ఉంది కాబట్టి రెండు హెక్టార్లకే, 34,000 వస్తుంది. అదే మూడెకరాలు అన్న పేరున, మూడెకరాలు తమ్ముడి పేరున కార్డులు, నమోదులు ఉంటే ఇద్దరూ పరిమితిలోపే ఉండేవాళ్లు, సుమారు 41,300 వచ్చేది. రెండో సంతకం అడగకపోవడం వల్ల ఏడు వేలకు పైగా పోయిందన్నమాట. ఇది పోయిందని కూడా వాళ్లకు తెలియదు.

పైగా ఆ 34,000 పడిన ఖాతాకు అన్న పాత పంట రుణం బాకీ ఉంది. బ్యాంకు సర్దేసుకుంది. “నా చేతికి పైసా రాలేదురా” అని అన్న అనడం అబద్ధం కాదు. “నీ అప్పు తీరింది కదా అన్నయ్యా” అని తమ్ముడు అనడం కూడా తప్పు కాదు. లెక్కలో మాత్రం అది అన్నకు వచ్చిన డబ్బే.

అన్న చేతికి చేరిన మొత్తం 85,296, 34,000 కలిపి 1,19,296. ఇందులో తమ్ముడి వాటా ఎంత?

అన్న దృష్టిలో, ముందు తన పెట్టుబడి తనకు రావాలి. 1,10,000 తీసుకుంటే మిగిలేది 9,296, అదే తమ్ముడిది. తమ్ముడి దృష్టిలో సగం అంటే వచ్చినదాంట్లో సగం, 59,648. పెద్దమనుషుల్లో ఒకరు కూర్చుని నష్టాన్ని పంచుతాడు: ఖర్చు 1,80,000, వచ్చింది 1,19,296, నష్టం 60,704. ఇద్దరికీ చెరి 30,352. తమ్ముడు పెట్టిన 70,000 నుంచి అది తీస్తే అతనికి రావాల్సింది 39,648, అన్నకు మిగిలేది 79,648. ఇంకొకాయన ట్రాక్టరు కిరాయి కూడా పెట్టుబడే అంటాడు. అప్పుడు ఖర్చు 2,04,000, నష్టం 84,704, చెరి 42,352. తమ్ముడి పెట్టుబడి 94,000 అవుతుంది కనక అతనికి 51,648 రావాలి.

9,296 నుంచి 59,648 దాకా నాలుగు జవాబులు, నాలుగూ ‘సగం సగం’ అన్న ఒక్క మాటలోంచి వచ్చినవే. పంట బాగా పండి ఉంటే ఈ తేడా బయటపడేది కాదు. పెట్టుబడులు తీసేసి మిగిలింది పంచుకుంటే అందరికీ ఎంతో కొంత వచ్చేది, ట్రాక్టరు కిరాయి సంగతి ఎవరూ ఎత్తేవారు కాదు. లాభం వచ్చినప్పుడు సరిపోయే ఒప్పందం నష్టం వచ్చినప్పుడు కూడా సరిపోతుందని అనుకోవడమే ఇక్కడి పొరపాటు. నష్టంలో ఎవరి డబ్బు ముందు వెనక్కి రావాలన్నది ముందే చెప్పుకోవాలి. తుపాను తర్వాత ఆ మాట ఎత్తితే ఎవరు చెప్పినా స్వార్థంగానే వినిపిస్తుంది.

చట్టం ఏమంటుంది? నోటిమాట కాబట్టి చెల్లదు అని చాలామంది అంటారు, అది తప్పు. 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం నోటి ఒప్పందం కూడా ఒప్పందమే, చిక్కంతా రుజువు దగ్గరే. ఇద్దరూ కలిసి పెట్టుబడి పెట్టి, ఒకరి తరఫున ఒకరు పనులు నడిపి, లాభనష్టాలు పంచుకోవాలనుకుంటే కోర్టు దాన్ని భాగస్వామ్యంగా చూసే అవకాశం ఉంది. అలా చూస్తే 1932 భాగస్వామ్య చట్టం 13వ సెక్షన్ వర్తిస్తుంది. వేరే ఒప్పందం లేకపోతే లాభాలు సమానంగా పంచుకోవాలి, నష్టాలు సమానంగా భరించాలి. పైన పెద్దమనిషి చెప్పిన 39,648 లెక్క దీనికి దగ్గరది. అదే సెక్షన్‌లో తమ్ముడికి నచ్చని మాట కూడా ఉంది: వ్యాపారం నడిపినందుకు భాగస్వామికి విడిగా ప్రతిఫలం ఉండదు, ముందు అనుకుంటే తప్ప. అంటే మూడు నెలలు చేలో నిలబడిన అతని శ్రమకు విడిగా కూలి లేదు. ట్రాక్టరు సొంత ఆస్తి కాబట్టి కిరాయి అడగొచ్చని వాదించవచ్చు, కానీ అందుకు ఏదో ఒక రుజువు చూపించాలి.

రిజిస్టర్ కాని భాగస్వామ్యంలో ఒకరిమీద ఒకరు ఒప్పందం అమలు కోసం దావా వెయ్యకుండా 69వ సెక్షన్ అడ్డుపడుతుంది. అయితే భాగస్వామ్యాన్ని రద్దు చెయ్యమని, లెక్కలు తేల్చమని అడగడానికి ఆ అడ్డు లేదు. కాబట్టి తమ్ముడు ‘నాకు రావాల్సిన డబ్బు ఇప్పించండి’ అని కాకుండా ‘రద్దు చేసి లెక్క తేల్చండి’ అని వెళ్లాలి. అప్పటికే రద్దయిపోయి ఉంటే, ఆ రోజు నుంచి మూడేళ్లలోపు వెళ్లాలి.

రుజువుగా పనికొచ్చేవి చాలావరకు ఫోనులోనే ఉంటాయి. ఎరువుల కొట్టుకు పంపిన యూపీఐ చెల్లింపులు, కూలీల మేస్త్రీకి వేసిన డబ్బు, “దమ్ము అయిపోయింది అన్నయ్యా” అన్న వాట్సాప్ వాయిస్ మెసేజ్. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేస్తే వీటిని కోర్టులో పెట్టవచ్చు. నగదుగా ఇచ్చిన కూలీకి మాత్రం చిట్టా పుస్తకమే దిక్కు. అందులో ఎదుటివాడి సంతకం లేకపోతే దాని బలం తక్కువ.

అయినా నలభై వేల రూపాయలకు సివిల్ దావా అంటే వకీలు ఫీజుకూ వాయిదాలకూ అంతా పోతుంది. అందుకని ఈ స్థాయి తగాదాకు లోక్ అదాలత్ మేలు. దావా వెయ్యకముందే మండల న్యాయసేవల కమిటీకి అర్జీ పెట్టుకోవచ్చు, కోర్టు ఫీజు లేదు. ఇద్దరూ ఒప్పుకుంటే వచ్చే అవార్డు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు. ఇద్దరూ ఒప్పుకోవాలన్నదే దాని పరిమితి. పై నాలుగు లెక్కలనూ ఒకే కాగితం మీద పక్కపక్కన రాసుకుని వెళ్తే మాట త్వరగా తెగుతుంది. తగాదా మంచిచెడ్డల మీద కాదని, రెండు అంకెల మధ్యనని అప్పుడు ఇద్దరికీ కనబడుతుంది.

సార్వా చెడిపోయినా దాళ్వా ఆగదు. నారుమడి నాటికి ఆసామి అన్నకే ఫోను చేస్తాడు, ఎందుకంటే కార్డు మీద ఉన్నది అన్న పేరే. అన్న ఒంటరిగా చేస్తానంటే తమ్ముడికి ఆ పొలం మీద చెప్పుకోవడానికి కాగితం ఏదీ లేదు. కలిసే చెయ్యాలనుకుంటే మాత్రం, పాత కార్డు 11 నెలల గడువు ముగిసేలోపు ఆసామితో మూడేసి ఎకరాలకు విడివిడిగా కార్డుల మీద సంతకం చేయించుకోవాలి. ఈ-పంట జాబితాను రైతు సేవా కేంద్రంలో అంటించినప్పుడు వెళ్లి పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం చూసుకోవాలి. అభ్యంతరం చెప్పాల్సింది అప్పుడే. ఇద్దరి మధ్య ఒప్పందానికి ఒక తెల్లకాగితం చాలు. ఎవరు ఎంత పెడతారు, ట్రాక్టరుకు ఎకరాకు ఎంత కడతారు, నష్టమొస్తే పెట్టుబడి ముందు తీస్తారా లేక నష్టాన్నే పంచుతారా, ప్రభుత్వ సాయం ఎవరి ఖాతాలో పడినా ఎలా పంచుతారు, మధ్యలో ఒకరు తప్పుకుంటే వేసిన పంట ఎవరిది. ఈ అయిదూ రాసి, ఇద్దరూ సంతకాలు చేసి, ఆ కాగితాన్ని ఇద్దరి ఫోన్లలోనూ ఫొటో తీసి పెట్టుకోవాలి. బాకీ ఉన్న ఖాతాను మాత్రం ధాన్యం డబ్బుకు ఇవ్వకూడదు.