పదకొండో దెబ్బ

మా పెదనాన్నకు పాటలంటే ప్రాణం. పాటలకు మాత్రం ఆయనంటే హడల్. ఏ రాగంలోని పాటైనా ఆయన గొంతులోకి వెళ్లిందంటే ఒకే స్వరం మీద, సహస్రనామ పారాయణంలా బయటికొస్తుంది. మాటలు నాలుగు రోజులు కూడా నిలవవు. నిలిచేది ఒక్కటే, నడక. ఆయన చేతికి గ్లాసో గిన్నో దొరికితే చాలు, దాని మీద పాట నడక తుచ తప్పకుండా పడుతుంది.

షష్టిపూర్తికి ఆర్కెస్ట్రా పెట్టారు. పెదనాన్న ఒకే ఒక్క పాట అడిగారు. పెళ్లిచూపులు చూసుకుని తిరిగి వస్తూ బస్సులో దారి పొడుగునా పాడుకున్న పాట అది. పల్లవి ఏమిటని అడిగితే ఖాళీ అయిన కాఫీ గ్లాసు మీద వేలితో కొట్టి చూపించారు. సత్యనారాయణపురంలోని ఆ ఇంట్లో ఉన్న పాతికమందీ తలా ఒక పాట చెప్పారు. మా చెల్లి దెబ్బలు లెక్కపెట్టి పదకొండు అంది. పదకొండు అక్షరాల పల్లవి ఏమిటని అందరూ వేళ్లు మడిచి చూస్తే, ‘మాయాబజార్’లోని ‘చూపులు కలసిన శుభవేళ’ సరిగ్గా సరిపోయింది. పెళ్లిచూపులు, పైగా పాటలోనూ చూపులు! ఇంకేం కావాలి? ఆర్కెస్ట్రావాళ్లకు ఫోను చేసి చెప్పేశారు. పెదనాన్న మాత్రం తల అడ్డంగా ఊపుతూనే ఉన్నారు.

సాయంత్రానికి గుంటూరు నుంచి వారధి దాటుకుని మా బాబాయి దిగాడు. ఆయన తెలుగు పండితుడిగా రిటైరయ్యాడు. సంగతంతా విని, “అన్నయ్యా, ముందు నీకు బాగా తెలిసిన పాట ఏదైనా కొట్టు” అన్నాడు. తెలియని పాటను తేల్చే ముందు ఆ కొట్టే చెయ్యి ఎలాంటిదో చూడాలట. పెదనాన్న ‘చందమామ రావే’ కొట్టారు. అక్షరాలు ఆరు, దెబ్బలు ఏడు. ‘జాబిల్లి రావే’కి అక్షరాలు అయిదు, దెబ్బలు ఆరు. ప్రతి పాదం చివరా ఒక దెబ్బ ఎక్కువ.

“ఆ చివరిది పాటలోది కాదు మరిదిగారూ” అంది పెద్దమ్మ వంటింట్లోంచే. “కాఫీ అయిపోయిందని నాకు కబురు. ముప్పై అయిదేళ్లుగా వింటున్నాను.”

పదకొండులోంచి కాఫీ పోను మిగిలినవి పది. ‘చూపులు కలసిన’ చుట్టాలందరూ ఒక్కసారిగా నీరుగారిపోయారు.

ఇక్కడ బాబాయి పద్ధతి చెప్పాలి. పాటగాడు అక్షరాన్ని ఎంతైనా సాగదీస్తాడు కానీ, అక్షరాన్ని మింగేయడం అరుదు. అందుకని ముందు లెక్క, తరువాతే కొలత. లెక్కలో నిలవని పాటలను తీసేసి, మిగిలిన వాటిలో ఏ అక్షరం పొట్టిదో ఏది పొడుగుదో చూడాలి. చిటికె వేసినంత సేపు పలికేది లఘువు, ఒక మాత్ర. దీర్ఘం ఉన్నా, పక్కన సున్నా ఉన్నా, వెనక ఒత్తు అక్షరం వచ్చినా అది గురువు, రెండు మాత్రలు. గ్లాసు మీద గురువుకు దెబ్బ గట్టిగా పడదు. దెబ్బ తరువాత ఖాళీ వస్తుంది, అంతే. మా చెల్లి దెబ్బలు విన్నది గానీ ఖాళీలు వినలేదు.

పది అక్షరాల బరిలో మూడు పాటలు మిగిలాయి. ‘లాహిరి లాహిరి లాహిరిలో’ మా చెల్లి తెచ్చింది. ‘నీవేనా నను తలచినది’ పెద్దమ్మ తెచ్చింది, తేవడమే కాదు, దాని మీద అప్పుడే హక్కు కూడా రాసేసుకుంది. మూడోది, ‘మిస్సమ్మ’లోని ‘బృందావనమది అందరిది’ని ఎవరో ఊరికే అన్నారు. మూడూ పింగళి నాగేంద్రరావు రాసినవే. 1955 నాటి సినిమాలోది ఒకటి, 1957 నాటి ‘మాయాబజార్’లోవి రెండు. మొత్తం మాత్రలు కూడితే తేలుతుందేమోనని నేను కాగితం తీశాను. ‘లాహిరి’కి పద్నాలుగు. మిగతా రెండింటికీ పదమూడేసి. అయితే ఆ రెండూ ‘ది’తో ముగుస్తాయి, పాదం చివర పొట్టి అక్షరాన్ని పొట్టిగా వదిలేసే గాయకుడు భూమ్మీద లేడు. సాగదీస్తే అవీ పద్నాలుగే. అక్షరాలూ సమానం, మాత్రలూ సమానం. నా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

“కూడికలు కాదురా, మొదట్లో ఎన్ని గురువులున్నాయో చూడు” అన్నాడు బాబాయి.

చూస్తే నిజంగానే ముచ్చటేసింది. ‘లాహిరి’లో ఒక గురువు పడగానే రెండు లఘువులొస్తాయి. టక్… టకటక, టక్… టకటక, అదే నడక మూడుసార్లు. ‘బృందా’లో రెండు గురువులు, ఆ వెంటనే ‘వనమది’ అని నాలుగు లఘువులు పరుగెత్తుతాయి. ‘నీవేనా’లో మూడు గురువులు నింపాదిగా నడిచాక ఏడు లఘువులు వరసగా దొర్లుతాయి. ఒకటా, రెండా, మూడా అన్నదే ప్రశ్న.

బాబాయి గ్లాసు లాగేసుకుని, పెద్దమ్మ చేత నిండా కాఫీ పోయించి పక్కన పెట్టించాడు, దొంగ దెబ్బ పడకుండా. పెదనాన్నను బల్ల మీద కొట్టమని, తను నాలుగు మాత్రలకొకసారి తొడ మీద తాళం వేశాడు. హాలంతా నిశ్శబ్దం. వంటవాడు కూడా గరిటె ఆపాడు.

టక్… టక్… టకటకటకటక. టక్… టకటక టక్.

“రెండు!” అంది మా చెల్లి.

“మూడు” అంది పెద్దమ్మ. “మూడోది ఆయన తొందరలో కొట్టారు. ఆయనకు అన్నిటా తొందరే.”

బాబాయి ధర్మరాజు. అభ్యంతరాన్ని పక్కకు తోసెయ్యలేదు. మూడో గురువును తొందరలో నొక్కేశారనే అనుకుందాం, అప్పుడైనా దాని వెనక ఏడు లఘువులు ఆగకుండా రావాలి కదా? ఇక్కడ నాలుగు రాగానే ఆగి, మళ్లీ ఒక పొడుగు దెబ్బ పడింది. అది ‘అందరిది’లో సున్నా ఉన్న ‘అం’. ఒక్క చోట చెయ్యి తడబడుతుంది గానీ, తడబాటు రెండు చోట్లా ఒకే పాటకు సరిపడేలా కుదరదు.

అయినా పెద్దమ్మ ఒప్పుకోలేదు. సరే, రెండో పాదం కూడా ఆపకుండా కొట్టమన్నారు. అసలు కిటుకు అక్కడే బయటపడింది. నాలుగేసి మాత్రల చొప్పున గడులు గీస్తే మొదటి పాదం పద్నాలుగుకే అయిపోతుంది, నాలుగో గడిలో రెండు మాత్రలు ఖాళీ. పెదనాన్న చెయ్యి ఆ ఖాళీలో ఆగలేదు. తాళం పడకముందే అక్కడొక పొడుగు దెబ్బ వేసి, బాబాయి అరచెయ్యి తొడ మీద పడే వేళకు టక్… టకటక, టక్… టకటక అంటూ సాగిపోయింది. ‘గో’ ఒక్కటీ ఆ ఖాళీలో ఇమిడి, ‘విందుడు అందరి’ తాళం మీద పడుతుంది. పింగళివారు ‘బృందా’కు ‘విందు’తో ప్రాస కలిపిందీ ఆ తాళం దగ్గరే. ‘నీవేనా నను తలచినది’ తరువాత మళ్లీ ‘నీవేనా’ అనే మూడు గురువులే రావాలి. రాలేదు.

“గోవిందుడు అందరి వాడేలే!” అని పెదనాన్న కుర్చీలోంచి లేచారు. మాటలు వరసగా వచ్చేశాయి. “అదే! అదే! బస్సంతా విన్నారు!”

పాతికమందీ చప్పట్లు కొట్టారు. పెద్దమ్మ కొట్టలేదు. ఆమె చూపు బల్ల మీది కాఫీ నుంచి పెదనాన్న ముఖం మీదికి, అక్కడి నుంచి బాబాయి మీదికి వెళ్లింది. బాబాయి గబగబా కండువా సవరించుకున్నాడు. శాస్త్రం వల్ల సంసారాలకు ఏమవుతుందో ఛందస్సు పుస్తకాల్లో రాసి ఉండదు.

“నన్ను చూసి బస్సెక్కి, అందరివాణ్ణని పాడుకున్నారన్నమాట” అంది.

“అది గోవిందుడి సంగతే…” అన్నారు పెదనాన్న.

ఆర్కెస్ట్రా ఆయన అప్పుడే ఫోను చేశాడు, చూపులు కలసినట్టేనా అని. నేను నోరు తెరిచేలోగా ఫోను పెద్దమ్మ చేతిలోకి వెళ్లిపోయింది. ‘నీవేనా నను తలచినది’ రాసుకోమని, రెండుసార్లు పాడమని చెప్పి పెట్టేసింది. ఆ తరువాత ఇంకా పొగలు కక్కుతున్న గ్లాసును బల్ల మీంచి తీసుకుని వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది.

“అందరివాడికి కాఫీ కూడా అందరి ఇళ్లలోనూ దొరుకుతుంది లెండి.”