పచ్చ బూజు ఎక్కడ మొదలైందో చూడటం నేర్పితేనే అది పుట్టగొడుగుల కోర్సు

మా పాత విద్యార్థిని ఒకమ్మాయి తెనాలి దగ్గర పల్లెకు కోడలిగా వెళ్లింది. మొన్న డిసెంబరులో ఫోన్ చేసి, "మేడమ్, బెడ్లు వేసి ఆరు రోజులైంది, కొన్నిటికి పచ్చగా వస్తోంది, పారేయనా ఉంచనా?" అంది. గొంతులోనే టెన్షన్ తెలుస్తోంది. మొత్తం నలభై బెడ్లు, అంటే వరిగడ్డి నింపిన సంచులు, ముత్యపు చిప్ప పుట్టగొడుగు రకంతో వేసింది. డిగ్రీలో నా దగ్గరే బోటనీ చదివింది, పుట్టగొడుగుల పెంపకం పేపర్లో మంచి మార్కులు తెచ్చుకుంది, తర్వాత ఎక్కడో రెండు రోజుల శిక్షణకు కూడా వెళ్లొచ్చింది. అయినా పచ్చ బూజు కనబడగానే ఏం చూడాలో తెలియలేదు. అది తన తప్పు కాదు. మేం నేర్పలేదు.

ఆదివారం గుంటూరులో బస్సెక్కి వెళ్లాను. ఆ అమ్మాయి చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఒక చిన్న పని: ప్రతి బెడ్ మీద మార్కర్‌తో తేదీ రాసింది. ఒకరోజు ఇరవై, మర్నాడు ఇరవై వేసింది. చెడినవి లెక్కపెడితే పదకొండు. మొదటి రోజువి రెండే, రెండో రోజువి తొమ్మిది. ఆ తేదీలే లేకపోతే నలభై బెడ్లూ ఒకే గుంపుగా కనబడేవి, "ఈసారి స్పాన్ బాలేదు" అని అనుకుని వదిలేసేవాళ్లం. స్పాన్ అంటే గడ్డిలో వేసే పుట్టగొడుగు విత్తనం, జొన్న గింజల మీద పెంచిన పుట్టగొడుగు బూజు.

పచ్చ బూజు అంటే ఎక్కువసార్లు ట్రైకోడెర్మా. మొదట అదీ తెల్లగానే ఉంటుంది, అందుకే కొత్తవాళ్లు మోసపోతారు. పుట్టగొడుగు బూజు జొన్న గింజ దగ్గర మొదలై దూది పరిచినట్టు చిక్కగా పాకుతుంది. ట్రైకోడెర్మా పల్చగా వచ్చి, రెండు మూడు రోజుల్లో మధ్యలో పచ్చటి పొడి కడుతుంది. ఆ పొడి అంతా విత్తనమే. సంచి విప్పినా, గాలి తగిలినా, నీళ్లు చిమ్మినా గది మొత్తం పాకుతుంది. కాబట్టి పచ్చ కనబడిన బెడ్‌ని విప్పి చూడకూడదు, సంచి బయటి నుంచే చూడాలి. చూడాల్సినవి కూడా రెండే: పచ్చ ఎక్కడ మొదలైంది, ఎన్నో రోజున మొదలైంది.

రెండో రోజు బెడ్లలో పచ్చ అడుగున మొదలైంది, నాలుగైదు రోజులకే వచ్చేసింది. కొన్నిటి అడుగున సంచి మడతలో పసుపు నీళ్లు నిలిచాయి. సంచిని ముక్కు దగ్గర పెట్టుకుంటే పులిసిన వాసన. మంచి బెడ్‌కి ఆ వాసన రాదు, పుట్టగొడుగు వాసనే వస్తుంది. అంటే గడ్డిలో నీళ్లు ఎక్కువ ఉన్నాయి, గడ్డి సరిగ్గా ఉడకలేదు. "రెండో రోజు ఏం మారింది?" అని అడిగితే కాసేపు ఆలోచించి చెప్పింది. మర్నాడు పెళ్లికి వెళ్లాలని తొందర. 200 లీటర్ల డ్రమ్ములో మొదటి రోజు పది కిలోల చొప్పున రెండు సార్లు ఉడికించింది. రెండో రోజు ఇరవై కిలోలూ ఒకేసారి కుక్కేసింది. పైన నీళ్లు పొగలు కక్కుతున్నాయి కాబట్టి చాలనుకుంది. గట్టిగా కుక్కిన గడ్డి మధ్యకి ఆ వేడి చేరి ఉండదు. థర్మామీటర్‌ను గడ్డి మధ్యలోకి దింపి చూసి ఉంటే తెలిసేది.

ముక్కలు చేసి నానబెట్టిన గడ్డిని 80 డిగ్రీల దగ్గర సుమారు గంటసేపు ఉంచమని పుస్తకాల్లో ఉంటుంది. ఎందుకో మాత్రం చాలామందికి చెప్పరు. గడ్డిలోని ప్రాణి మొత్తాన్ని చంపడం మన ఉద్దేశం కాదు. అలా పూర్తిగా శుద్ధి చేసిన గడ్డి, దున్ని వదిలేసిన ఖాళీ చేను లాంటిది. మామూలు గదిలో సంచి నింపేటప్పుడు మొదట ఎవరు దిగితే వాళ్లదే. 80 డిగ్రీలకు బూజులు చాలావరకు పోతాయి, వేడికి తట్టుకునే కొన్ని బ్యాక్టీరియాలు మిగులుతాయి. అవి కొంత చోటు ఆక్రమించి ఉండటం వల్ల బయటి బూజుకి వెంటనే దారి దొరకదు, ఈలోపు మన స్పాన్ పాకుతుంది. మధ్యలో వేడి చాలకపోతే మాత్రం చావాల్సినవే బతికిపోతాయి. కార్బెండజిమ్ అనే బూజు మందు, ఫార్మలిన్ కలిపిన నీళ్లలో గడ్డి నానబెట్టే పద్ధతి కూడా నేర్పుతారు. ఇంటి పక్కన షెడ్డులో, పిల్లలు తిరిగే చోట ఫార్మలిన్ వాడటం నాకు ఇష్టం లేదు. కళ్లు మండించే మందు అది, వేడినీళ్లు చాలు.

ఇక తేమ సంగతి. గడ్డిని పిడికిట పిండితే చుక్క కారకూడదు, చెయ్యి మాత్రం తడవాలి అని చెబుతాం. నిజమే గానీ ఒక్కో చెయ్యి ఒక్కోలా పిండుతుంది. అందుకే నేను తూకాన్ని నమ్ముతాను. ఎండిన గడ్డి కిలో తీసుకుంటే అందులో ఎలాగూ పదో వంతు తేమ ఉంటుంది, అసలు గడ్డి 900 గ్రాములు. తేమ 65 శాతం ఉండాలంటే నానబెట్టి, ఉడికించి, ఆరబెట్టాక అది దాదాపు 2 కిలోల 600 గ్రాములు తూగాలి. ఆ అమ్మాయి రెండో రోజు బెడ్లలో ఒకటి కాటా మీద పెడితే 3 కిలోల 400 గ్రాములు చూపింది. స్పాన్ 100 గ్రాములు తీసేసినా తేమ 70 శాతం దాటి, 73 దగ్గర ఉంది. ఆరబెట్టింది అరగంటేనట. అంత నీళ్లుంటే గడ్డి సందుల్లో గాలి ఉండదు, పుట్టగొడుగు బూజుకి ఊపిరాడదు, అడుగున పులుపు మొదలవుతుంది. కాటా ఇంట్లోనే ఉంది, కూరగాయలు తూచేది.

మొదటి రోజు చెడిన రెండు బెడ్ల కథ వేరు. వాటిలో గడ్డి బాగానే ఉంది, పచ్చ మాత్రం జొన్న గింజల చుట్టూనే, చుక్కలు చుక్కలుగా ఉంది. అలా గింజ దగ్గరే మొదలైతే స్పాన్‌నే అనుమానించాలి. జొన్నల్ని సగం ఉడికించి, జిప్సం, సుద్దపొడి కలిపి, ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర గంటన్నరో రెండు గంటలో ఉంచి, చల్లారాక తల్లి కల్చర్, అంటే ముందే శుద్ధంగా పెంచి ఉంచిన పుట్టగొడుగు బూజు, వేస్తే స్పాన్ తయారవుతుంది. ఇక్కడ మాత్రం పూర్తి శుద్ధి కావాలి, ఎందుకంటే గింజ నిండా పిండి ఉంటుంది, ఏ బూజుకైనా విందే. ప్యాకెట్ కొనేటప్పుడు తెల్లగా, గింజకి గింజ అతుక్కుని ఉందో లేదో చూడాలి. పచ్చ, నలుపు చుక్క ఒక్కటి ఉన్నా, అడుగున నీళ్లు చేరినా తీసుకోకూడదు. "ఒక ప్యాకెట్లో మూల కొంచెం తేడాగా ఉందండీ, అది తీసేసి మిగతాది వాడాను" అంది. పాడైన మామిడిపండులో ముక్క కోసి మిగతాది తిన్నట్టు స్పాన్‌తో కుదరదు, ఒక మూల పాడైతే ప్యాకెట్ అంతా పాడైనట్టే.

షెడ్డులోంచి బయటికొచ్చాక ఇంకొకటి చూశాను. ఇరవై అడుగుల దూరంలో వేపచెట్టు కింద పశువుల ఎరువు కుప్ప, దాని మీద తడి గోనెసంచులు. ఏంటని అడిగితే వాళ్ల మామగారు గర్వంగా చెప్పారు: "మిరప తోటకమ్మా. ట్రైకోడెర్మా కలిపి వేపపిండితో మాగబెట్టాను, ఎండు తెగులు రాకుండా." తప్పేమీ లేదు, మన గుంటూరు జిల్లాలో మిరప రైతు చేయాల్సిన పనే అది. నేలలో తెగులు బూజును తినేసే గుణం ట్రైకోడెర్మాకి ఉంది కాబట్టే డబ్బులిచ్చి కొని వేస్తాం. అదే గుణం పుట్టగొడుగు దగ్గర శత్రువు, ఎందుకంటే పుట్టగొడుగు కూడా బూజే. ఆ కుప్ప నుంచే వచ్చిందని ల్యాబులో పరీక్షించకుండా అనలేను, పైగా నేను చూసిన లక్షణాలకు ఉడకని గడ్డి, పాడైన స్పాన్ సరిపోతాయి. అయినా కుప్ప తిరగేసిన చేతులతో, అదే లుంగీతో షెడ్డులోకి రావద్దని పెద్దాయనకు చెప్పాను, కుప్పను పొలంలోకి మార్పించాను. మిరప, పుట్టగొడుగులు ఒకే ఇంట్లో ఉండే ఈ ప్రాంతంలో ఈ సంగతి పాఠంలో ఉండి తీరాలి. మా సిలబస్‌లో లేదు.

డబ్బు లెక్క కూడా చూద్దాం. కిలో ఎండుగడ్డి బెడ్‌కి మూడు కోతల మీద 600 గ్రాములు వస్తాయనుకుందాం, కొత్తవాళ్లకి అది మంచి దిగుబడే. నలభై బెడ్లకి 24 కిలోలు. కిలో 200 వేసుకుంటే 4800 రూపాయలు. పదకొండు బెడ్లు పోతే 1320 పోయినట్టు, పావు వంతు పైనే. గడ్డి, స్పాన్, కట్టెలు, సంచుల ఖర్చు మాత్రం నలభై బెడ్లకీ అయిపోయింది, ఆ పోయిన పావు వంతులోనే లాభం ఉంది. అందుకే "ఇంట్లోనే ఉండి నెలకి ఇంత సంపాదించండి" అని బెడ్ల సంఖ్యతో గుణించి చూపించే లెక్కలంటే నాకు కోపం. అందులో చెడిన బెడ్ల వరస ఉండదు.

కోర్సు గురించి నా అభిప్రాయం ఇది. బెడ్ నింపడం ఒక్క పూటలో వచ్చేస్తుంది, దానికి రెండు రోజులు కూడా అక్కర్లేదు. కావాల్సింది ఆ తర్వాతి మూడు వారాలు. విద్యార్థి తన బెడ్‌ని తూచి, తేదీ రాసి, రోజూ వచ్చి చూసి, రాసుకోవాలి. ఒక బెడ్‌ని కావాలనే ఎక్కువ తడిగా, ఒకదాన్ని ఉడికించకుండా, వేరే గదిలో పెట్టి చెడనివ్వాలి. పరీక్షలో "కలుషితాల నివారణ పద్ధతులు రాయుము" అని అడిగే బదులు నాలుగు చెడిన సంచులు బల్ల మీద పెట్టి, ఏది ఎందుకు చెడిందో చెప్పమనాలి. అడుగున పచ్చ, గింజ చుట్టూ పచ్చ, సంచికి పెట్టిన రంధ్రాల దగ్గర పచ్చ, మొదటి కోత తర్వాత మిగిలిన మొదళ్ల మీద పచ్చ, నాలుగింటికీ కారణాలు వేరు. రంధ్రాల దగ్గరైతే చేతులు, సూది, గాలి చూసుకోవాలి. మొదళ్ల మీదైతే కోతలో మొదలు మిగల్చకుండా తిప్పి లాగాలి. వేసవి బ్యాచ్‌కి ఇదే పాఠం పాల పుట్టగొడుగుతో చెప్పాలి, మన మే నెల ఎండకి ముత్యపు చిప్ప ఎలాగూ నిలవదు. పాల రకం బెడ్ల మీద మట్టి కప్పాలి కాబట్టి ఆ మట్టిని కూడా ఆవిరి పట్టాలి, బూజు రావడానికి అదింకో దారి.

పదకొండు బెడ్లనీ విప్పకుండానే, మంచి బెడ్ల పనంతా అయ్యాక సాయంత్రం, ఇంకో పెద్ద కవరులో పెట్టి దూరంగా గోతిలో పూడ్పించాను. జనవరిలో మళ్లీ ఇరవై వేసింది. పది కిలోల చొప్పున ఉడికించి, నీడలో రెండు గంటలు ఆరబెట్టి, ప్రతిదాన్నీ తూచి, తూకాలు వాట్సాప్‌లో పంపింది, అన్నీ 2 కిలోల 500కీ 2 కిలోల 700కీ మధ్య. పన్నెండో రోజు ఒకే ఒక్కదానికి పచ్చ వచ్చిందని ఫోటో పెట్టింది. నేను అడిగేలోపే కింద రాసింది: "రంధ్రం దగ్గర మేడమ్, కిటికీ వైపుది. దోమల మెష్ చిరిగింది, కుట్టాను."