సద్దుల బతుకమ్మ శుభాకాంక్షలు, అరుగు సభ అభ్యంతరాలతో సహా

జడ్చర్లలో అత్తగారింట ఉన్న మా చెల్లెకు ఇప్పుడు ఏడో నెల. సద్దుల బతుకమ్మ నాటికి పుట్టింటికి రమ్మని పిలుస్తూ, కడుపులోని బిడ్డకు నాలుగు దీవెనలు జోడించి చిన్న ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. రాయడం మొదలుపెట్టాకే నా హద్దు నాకు తెలిసివచ్చింది. దేవరకొండ దగ్గరి మా ఊళ్లో కడుపుతో ఉన్న ఆడబిడ్డను దీవించే అధికారం తోడబుట్టిన అన్నకు ఉండదు. అది మా ఇంటి అరుగు మీద పొద్దుగూకే వేళ కొలువుదీరే సభకు తరతరాలుగా సంక్రమించిన హక్కు. సభలో అయిదుగురు పెద్దమ్మలు, ఇద్దరు చిన్నమ్మలు, ఏ విషయంలోనైనా చివరి మాట తనదే అయిన ఒక ముత్తవ్వ సభ్యులు. వారి తీర్మానాలు మా అమ్మ ఫోను ద్వారా అదే రాత్రి జడ్చర్లలో అమలులోకి వస్తాయి.

సభ ఇప్పటివరకు చేసిన తీర్మానాలలో అత్యంత ప్రతిష్ఠాత్మకమైనది ఐరన్ గోలీలకు సంబంధించినది. అయిదో నెలలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తపరీక్ష చేస్తే చెల్లెకు హిమోగ్లోబిన్ 9.2 గ్రాములు వచ్చింది. కడుపుతో ఉన్నవారికి అది 11కు తగ్గకూడదు కాబట్టి డాక్టరమ్మ రోజుకు రెండు గోలీలు రాసింది. ఒక్కో గోలీలో 60 మిల్లీగ్రాముల ఐరన్, దానితోపాటు ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. వార్త అరుగుకు చేరిన సాయంత్రమే ముత్తవ్వ తీర్పు చెప్పింది: "గా గోలీలు మింగితే పిల్ల నల్లగ పుడ్తది."

ఈ తీర్పుకు ఆధారం లేదని ఎవరూ అనలేరు, ఎందుకంటే సభ సాక్ష్యం కూడా సేకరించింది. గోలీలు మొదలుపెట్టిన వారానికే చెల్లెకు విరేచనం నల్లగా అవుతున్నదని అమ్మ ఫోనులో విని అరుగుకు నివేదించింది. ఇంతకన్నా రుజువు ఏం కావాలి? పేగుల్లో ఇంకకుండా మిగిలిన ఐరన్ అలా నల్లగా బయటికి పోతుందనీ, అది గోలీ లోపలికి వెళ్లిందనడానికి గుర్తే తప్ప బిడ్డ రంగుకు సంబంధించినది కాదనీ, ఆ రంగు తల్లిదండ్రుల నుంచి వచ్చేదనీ నేను మనవి చేసుకున్నాను. అయితే గోలీ నల్లగా కాదు, ఎర్రగా ఉంటుంది కదా, సభవారి సూత్రం ప్రకారం బిడ్డ ఎర్రగా పుట్టాలి కదా అని కూడా అడిగాను. అంగన్‌వాడీలో రోజూ గుడ్డు తిన్న తల్లుల బిడ్డలు ఇంతవరకు పచ్చసొన రంగులో ఎందుకు పుట్టలేదో కూడా విచారించమని కోరాను. నా ప్రశ్నలను రికార్డుల నుంచి తొలగించి, పాలలో కుంకుమపువ్వు కలిపి తాగించాలని ఏకగ్రీవంగా తీర్మానించారు.

చెల్లె తెలివైనది కాబట్టి గోలీలు మానలేదు. అయినా నెల తర్వాత పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 9.3 దగ్గరే నిలిచింది. గోలీలు సరిగా పనిచేస్తే నెలకు కనీసం ఒక గ్రాము పెరగాలి. సరిగా వేసుకున్నా పెరగకపోతే కారణం వేరే ఉందని పెద్దాసుపత్రికి పంపుతారు. 7 కన్నా తక్కువ ఉంటే అసలు గోలీలతో సరిపెట్టుకోరు, ఆసుపత్రిలోనే చికిత్స చేయాలి. డాక్టరమ్మ పెద్దాసుపత్రికి చీటీ రాయబోయి, ఒక్క మాట అడిగింది: "దేంతోని ఏసుకుంటున్నవమ్మా?"

చాయ్‌తోనట. కడుపులో తిప్పకుండా ఉంటుందని మా రెండో పెద్దమ్మ ప్రేమతో చెప్పిన ఉపాయం అది. అంతటితో ఆగక, రోజూ వేసుకోవాల్సిన కాల్షియం గోలీని కూడా అదే గుక్కలో మింగేస్తే లెక్క తెగిపోతుందని మూడో పెద్దమ్మ సెలవిచ్చింది. చాయ్‌లోని వగరు ఐరన్‌ను పట్టేసుకుంటుంది, కాల్షియం దానికి దారి ఇవ్వదు. ఇద్దరు పెద్దమ్మల ప్రేమ కలిసి చెల్లె గోలీలను నెల రోజులపాటు నీటిపాలు చేసిందన్నమాట. గోలీలు వద్దన్న ముత్తవ్వ మాట చెల్లె వినలేదు గనుక నష్టం జరగలేదు. వేసుకొమ్మన్న పెద్దమ్మల మాట విన్నది గనుక జరిగింది. ఆ రోజు నుంచి కాల్షియం పొద్దున, మధ్యాహ్నం అన్నం తిన్నాక, ఐరన్ రాత్రి అన్నం తిన్న గంటకు నిమ్మకాయ నీళ్లతో, రెంటికీ మధ్య రెండు గంటలకు తగ్గని ఎడంతో వేసుకున్నది. చాయ్ గోలీల దరిదాపులకు రాలేదు. మొన్నటి పరీక్షలో 10.5 వచ్చింది. ఈ అంకెను కుంకుమపువ్వు ఖాతాలో జమ చేయాలని సభ ప్రస్తుతం పరిశీలిస్తున్నది.

పండుగ దగ్గరపడటంతో సభ దృష్టి ఇప్పుడు సద్దుల మీదికి మళ్లింది. పెరుగు సద్ది, చింతపండు పులిహోర, కొబ్బరి సద్ది అనుమతి పొందాయి. నువ్వుల సద్దిని మాత్రం వేడి చేస్తుందనే అభియోగం మీద నిషేధించారు. ఏడాదికి ఒకసారి గౌరమ్మకు నైవేద్యం పెట్టి ఊరంతా పంచుకునే ప్రసాదం, ఐరన్, కాల్షియం రెండూ ఉన్న పదార్థం, పిడికెడు తింటే కడుపు నిలవదనే భయం ఎక్కడి నుంచి వచ్చిందో సభ్యులెవరూ చెప్పలేకపోయారు. న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి: పచ్చి బొప్పాయి వద్దన్న వారి మాటకు కొంత ఆధారం ఉన్నది, ఎందుకంటే దాని పాలు గర్భసంచిని కదిలించవచ్చు. అయితే ఆ శిక్షను పూర్తిగా మాగిన పండుకు కూడా విధించడం అతిగా తోచింది.

ఇంత జాగ్రత్త గల సభ ఒకప్పుడు ఒక విషయంలో మాత్రం పూర్తి మౌనం పాటించింది. మా వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దును దాటి ఉండి పిల్లల పళ్లు గారపట్టినా, పెద్దల నడుములు వంగినా, దానికి తలరాత అని పేరు పెట్టుకున్నారు. కడుపుతో ఉన్నవారిని నల్ల నేరేడు పండ్లు తినవద్దన్నవారు ఆ నీళ్లు తాగవద్దనలేదు.

అలాగే తల పగిలేటంత నొప్పి వచ్చి కళ్లు మసకబారినా, ముఖం, చేతులు ఉబ్బినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా ఏం చేయాలో సభ నియమావళిలో ఒక్క పేజీ కూడా లేదు. అందుకని ఆ ఒక్క పేజీని సొంత అధికారంతో నేనే ఉత్తరంలో చేర్చాను: దిష్టి తీయడానికి ఎండుమిరపకాయలు వెతకకుండా 108కి ఫోన్ చేయించు.

చెల్లే, బతుకమ్మ పండుగ శుభాకాంక్షలు. తంగేడు, గునుగు నాన్న తెస్తాడు, పేర్చే పని నువ్వు పీట మీద కూర్చొని చెయ్యి. చెరువులోకి దిగే చోట జారుడు ఉంటుంది, అందుకని గట్టుమీదనే ఉండి చప్పట్లు కొట్టు. ఇది శాస్త్రం కాదు, బురద. కడుపులోని మా బిడ్డ ఆడైనా మగైనా, నీ రంగులో పుట్టినా బావ రంగులో పుట్టినా, గట్టిగా ఏడ్చి వచ్చేటట్టు గౌరమ్మ దీవించుగాక. నీ కడుపు గుండ్రంగా ఉన్నదా, ముందుకు పొడుచుకొచ్చిందా అని తేల్చడానికి సభ ప్రత్యేక సమావేశం పెట్టుకున్నది కాబట్టి వదులు చీర కట్టుకొని రా. నువ్వుల సద్దిలో నీ వాటా సభ లేచిపోయాక తిందువుగానీ, అమ్మకు చెప్పి గిన్నెలో తీయించి పెట్టాను. గోలీల పట్టీ మాత్రం మరచిపోకుండా తెచ్చుకో. చాయ్ ఇక్కడ ఎవరూ ఇవ్వకుండా నేను చూసుకుంటాను.