వేస్టేజ్ సున్నా, డస్ట్‌బిన్ ఫుల్లు

చిన్న హోటల్ ఓనర్ని ఈ ప్లేటుకి 100 ఎలా పెట్టారండీ అని అడగండి, పక్కోడు 110కి అమ్ముతున్నాడు కదా మనం పది తగ్గించాం అంటాడు. పక్కోడెలా పెట్టాడు? వాడి పక్కోణ్ణి చూసి. ఈ వరసలో మొదటోడెవడో లెక్కేసే ఉంటాడని నమ్మడం తప్ప మనం చేసేదేం లేదు.

కాస్త తెలిసిన ఓనరైతే ఫుడ్ కాస్ట్, అంటే ప్లేటులో పడే సరుకు ఖర్చు, అమ్మే రేటులో 30 శాతం ఉండాలంటాడు. లెక్క కూడా వేస్తాడు. మాంసం కిలో 210, ప్లేటుకి 100 గ్రాములు, అంటే 21. నూనె, దినుసులు అన్నీ కలిపి 9. మొత్తం 30, దాన్ని 0.30తో భాగిస్తే రేటు 100. ఆహా. కానీ ఎముకా కొవ్వూ తీసేశాక ఆ కిలోలో చేతికొచ్చింది 700 గ్రాములే అనుకోండి, అప్పుడు వాడుకునే మాంసం కిలో 300 పడ్డట్టు, ప్లేటుకి 30, మొత్తం 39. 100కి అమ్ముతూ 30 శాతం అనుకుంటున్నాడు గానీ అది 39, 30కి రావాలంటే రేటు 130 ఉండాలి. ఆ 700 కూడా ఒకరు చెప్తే రాసుకునేది కాదు, మన కటింగ్ అయ్యాక మన కాటా మీద పెట్టి చూసుకోవాల్సిందే.

ఇక వేస్టేజ్ పుస్తకం. అదొక పవిత్ర గ్రంథం. గోడకి మేకు, మేకుకి దారం, దారానికి పెన్ను. తెరిచి చూస్తే 1వ తారీఖు సున్నా, 2 సున్నా, 3 సున్నా, ముప్పై సున్నాలూ ఒకే ఇంకు, ఒకే చేతిరాత, నెలాఖరు రోజు ఒక్క కూర్చోటంలో రాసేశారు. పక్కనే డస్ట్‌బిన్ మూత పడట్లేదు.

రోజుకి 100 ప్లేట్లకి వండి 10 పారేస్తే పెట్టింది 3900, వచ్చింది 9000, అంటే 43 శాతం. ఇది పుస్తకంలో ఉండదు. నెల మొదట్లో ఉన్న సరుకుకి కొన్నది కలిపి, చివర మిగిలింది తీసేసి, అమ్మకంతో భాగిస్తే అప్పుడు బయటపడుద్ది.

సున్నాలు ఎందుకొస్తాయో తెలుసా? మొదటి వారం కుర్రాడు నిజమే రాశాడు, రెండు కిలోలు మాడింది అని. ఆ రెండు కిలోలూ వాడి జీతంలో కోశారు! సిగ్గుండాలి. నిజం రాసినోడికి ఫైన్ వేసి ఇంకెవడు రాస్తాడయ్యా? మాడిందా, పాడైందా, ఎక్కువ వండామా, ప్లేట్లో వదిలేశారా అని కారణం రాయించుకుంటే రేపు ఎంత వండాలో తెలిసేది, నీకు కావాల్సింది అది కాదు, తిట్టడానికి ఒక మనిషి.

ఈ నెల కూడా అన్నీ సున్నాలే. బిన్ మోసే కుర్రాడికి మాత్రం నడుం నొప్పంట.