ప్రొబేట్ అడిగే ముందు చట్టం చూడాలి

తండ్రి రాసిన వీలునామా తీసుకుని నెల్లూరులోనో ఒంగోలులోనో బ్యాంకుకు వెళ్లిన కూతురికి తరచూ వినిపించే మాట ఒకటుంది: ‘కోర్టు నుంచి ప్రొబేట్ తెచ్చుకోండమ్మా, అప్పుడు చూద్దాం’. రిజిస్ట్రేషన్ ఆఫీసులోనూ అదే సమాధానం. ప్రొబేట్ అంటే ఆ వీలునామా నిజమైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ. ఆ మాట నమ్మి కోర్టుకెక్కిన కుటుంబం ఆస్తి విలువను బట్టి కోర్టు ఫీజు కట్టాలి, వకీలును పెట్టుకోవాలి, వాయిదాలకు తిరగాలి. ప్రొబేట్ నిజంగా అవసరమయ్యే సందర్భాలు లేకపోలేదు. కానీ మన రెండు జిల్లాల్లో అడుగుతున్నంతగా దాని అవసరం లేదు.

ఈ గందరగోళానికి మూలం పాత మద్రాసు రోజుల్లో ఉంది. 1925 నాటి భారత వారసత్వ చట్టంలోని 213 సెక్షన్, ప్రొబేట్ లేనిదే వీలునామా కింద హక్కును కోర్టులో రుజువు చేసుకోలేరని చెప్పేది. హిందువుల విషయంలో దాని పరిధిని 57 సెక్షన్ కుదించింది. పాత బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నర్ ఏలుబడిలోని ప్రాంతం, మద్రాసు, బొంబాయి హైకోర్టుల ఒరిజినల్ సివిల్ పరిధి, అంటే ఆ నగరాలు మాత్రమే దాని కిందికి వచ్చేవి. వీలునామా అక్కడ రాసి ఉండాలి, లేదా అందులోని స్థిరాస్తి అక్కడ ఉండాలి. నెల్లూరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నా మద్రాసు నగరంలో లేదు. కాబట్టి ఇక్కడి ఆస్తికి ఇక్కడ రాసుకున్న హిందువుల వీలునామాకు ప్రొబేట్ ఏనాడూ తప్పనిసరి కాలేదు. ముస్లింలకు ఈ సెక్షన్ మొదటి నుంచీ వర్తించలేదు. భారతీయ క్రైస్తవులకు 2002 సవరణతో మినహాయింపు వచ్చింది. చివరికి 2025 డిసెంబరులో పార్లమెంటు 213 సెక్షన్‌నే తొలగించింది. ‘చట్టం ప్రకారం ప్రొబేట్ తప్పనిసరి’ అని ఇవాళ ఎవరైనా అంటే, ఏ చట్టం, ఏ సెక్షన్ అని అడగడంలో తప్పులేదు.

ఒక ఉదాహరణ చూద్దాం. కావలిలో ఒక రిటైర్డ్ టీచర్ చనిపోయారనుకోండి. భార్య ముందే పోయింది. ఒక కొడుకు, ఒక కూతురు. కావలిలో ఇల్లు, అల్లూరు వైపు రెండెకరాల మాగాణి, బ్యాంకులో 12 లక్షల ఎఫ్‌డీ, తెలిసినవాళ్లకు ప్రోనోటు మీద ఇచ్చిన 3 లక్షలు, చెన్నైలో చిన్న ఫ్లాటు ఉన్నాయి. అన్నీ తన స్వార్జితమని, కూతురికే చెందాలని ఇద్దరు సాక్షుల ముందు వీలునామా రాసి రిజిస్టర్ చేయించారు. కొడుక్కి అభ్యంతరం లేదు.

ఇల్లు, పొలం సంగతి ముందు చూద్దాం. తండ్రి పోయిన క్షణం నుంచే వీలునామా అమల్లోకి వస్తుంది. ఆ హక్కు రావడానికి కోర్టు ఉత్తర్వు అక్కర్లేదు. ఇంటికి మున్సిపాలిటీలో, పొలానికి తహసీల్దార్ దగ్గర మ్యుటేషన్ చేయించుకోవాలి. వీలునామా, మరణ ధ్రువీకరణ పత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌తో పాటు అన్నయ్య అభ్యంతరం లేదని రాసిచ్చిన అఫిడవిట్ ఉంటే పని సాఫీగా జరగాలి. తర్వాత ఆమె ఇల్లు అమ్మినప్పుడు ఆ వీలునామా లింకు డాక్యుమెంటు అవుతుంది.

ఎఫ్‌డీకి నామినీ ఉంటే, మొత్తం ఎంతైనా సరే, బ్యాంకు ప్రొబేట్ కోసం గానీ, చనిపోయినవారికి రావాల్సిన డబ్బు వసూలు చేసుకోవడానికి కోర్టు ఇచ్చే సక్సెషన్ సర్టిఫికెట్ కోసం గానీ పట్టుబట్టకూడదని రిజర్వ్ బ్యాంకు ఆదేశాలున్నాయి. నామినీ లేకపోయినా వివాదం లేనప్పుడు 15 లక్షల వరకు సులభ పద్ధతిలో చెల్లించాలని 2025 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు చెప్పింది. సహకార బ్యాంకుల్లో ఈ పరిమితి 5 లక్షలు. కాగితాలన్నీ అందిన 15 రోజుల్లో క్లెయిమ్ తేల్చాలి. మన టీచరు గారి 12 లక్షలు ఈ పరిమితిలోనే ఉన్నాయి. అయితే ఆయన నామినీగా కొడుకు పేరు రాసి ఉంటే డబ్బు కొడుకు చేతికే వస్తుంది. బ్యాంకు బాధ్యత అక్కడితో తీరిపోతుంది. కానీ నామినీ సొంతదారు కాడు. ఆ డబ్బును వీలునామా ప్రకారం చెల్లెలికి అప్పగించాల్సిందే.

ప్రోనోటు దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. అప్పు తీసుకున్నాయన తనంతట తాను కట్టేస్తే చిక్కులేదు. కట్టకపోతే ఆమె దావా వేయాలి. వారసత్వ చట్టంలోని 214 సెక్షన్ ప్రకారం చనిపోయిన వ్యక్తికి రావాల్సిన అప్పు మీద డిక్రీ కావాలంటే ప్రొబేట్, ఆస్తి నిర్వహణకు అధికారమిచ్చే లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్, సక్సెషన్ సర్టిఫికెట్ లాంటి కోర్టు పత్రాల్లో ఏదో ఒకటి చూపాలి. ఈ సెక్షన్ ఇంకా ఉంది. ప్రోనోటు అప్పులు ఇంటింటా ఉండే మన దగ్గర ఇది చాలామందికి అవసరపడే విషయం.

ఇక చెన్నై ఫ్లాటు. 213 సెక్షన్ పోయింది కాబట్టి దానికీ ఇప్పుడు ప్రొబేట్ తప్పనిసరి కాదు. అయినా ఫ్లాటు కొనేవాళ్లో, వాళ్లకు లోను ఇచ్చే బ్యాంకో ధైర్యం చాలక అడగవచ్చు. అప్పుడు చాలామంది నెల్లూరు జిల్లా కోర్టులోనే పిటిషన్ వేస్తారు. ఇక్కడే దెబ్బతింటారు. జిల్లా కోర్టు ఇచ్చే ప్రొబేట్ మన రాష్ట్రం దాటి చెల్లాలంటే, బయటి రాష్ట్రాల్లో ఉన్న ఆస్తి విలువ 10 వేల రూపాయలు మించకూడదని 273 సెక్షన్ అంటోంది. ఏ కాలం నాటిదో ఆ అంకె! ఆ డబ్బుకు చెన్నైలో తలుపు కూడా రాదు. మన హైకోర్టుకూ ప్రొబేట్ ఇచ్చే అధికారం ఉంది, అక్కడ తీసుకుంటే దేశమంతటా చెల్లుతుంది. పిటిషన్ ఎక్కడ వేయాలో ముందే తేల్చుకోకపోతే ఏళ్ల తరబడి తిరిగి తెచ్చుకున్న కాగితం ఆ ఫ్లాటుకు పనికిరాదు. ఇంకొకటి. ప్రొబేట్‌ను వీలునామాలో ఎగ్జిక్యూటర్‌గా, అంటే దాన్ని అమలు చేసే బాధ్యుడిగా పేర్కొన్న వ్యక్తికే ఇస్తారు. అలాంటి పేరేదీ లేకపోతే వీలునామాను జతచేసి లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ అడగాలి.

కొడుకు అడ్డం తిరిగితే? ఆయన అభ్యంతరం రాసిస్తే బ్యాంకైనా తహసీల్దారైనా ఆగడం న్యాయమే. అప్పుడు కోర్టు తప్పదు. అయితే ఆయన దేన్ని కాదంటున్నాడో చూసుకోవాలి. ‘ఆ సంతకం నాన్నది కాదు’ అంటే ప్రొబేట్ కోర్టు తేలుస్తుంది. ‘పొలం తాతల నాటిది, మొత్తం రాసే హక్కు నాన్నకు లేదు’ అంటే తేల్చదు. వీలునామా నిజమైనదా కాదా అన్నది తప్ప ఆస్తి ఎవరిదన్నది ప్రొబేట్ కోర్టు పరిశీలించదు. అలాంటప్పుడు నేరుగా సివిల్ కోర్టులో హక్కు ప్రకటన దావా వేసి, వీలునామాను అందులోనే రుజువు చేసుకోవడం మేలు. ఎక్కడైనా సరే రిజిస్టర్ అయి ఉన్నంత మాత్రాన వీలునామా రుజువైనట్టు కాదు. సాక్షి సంతకం చేసిన ఇద్దరిలో కనీసం ఒకరు బతికి ఉంటే వచ్చి చెప్పాలి. తండ్రి వయసు వాళ్లనే ఇద్దరినీ సాక్షులుగా పెట్టుకున్న కుటుంబాలు ఇక్కడ ఇబ్బంది పడుతున్నాయి.

బ్యాంకు మేనేజర్లకు, సబ్ రిజిస్ట్రార్లకు మేం చెప్పేది ఒక్కటే. వీలునామా మీద నిజంగా అనుమానం ఉంటే ఆ అనుమానం ఏమిటో కాగితం మీద రాసివ్వండి. నోటి మాటతో వెనక్కి పంపడం వల్ల ఆడపిల్లలు, వితంతువులు ఎక్కువ నష్టపోతున్నారు. ఇంట్లో ‘ఇవన్నీ నీకెందుకమ్మా’ అనేవాళ్లకు ఆ తిరస్కారమే సాకవుతోంది. రాసివ్వడం దయ కూడా కాదు. డాక్యుమెంటు రిజిస్టర్ చేయనంటే కారణం నమోదు చేయాలని, అడిగితే దాని నకలు ఉచితంగా ఇవ్వాలని రిజిస్ట్రేషన్ చట్టం 71 సెక్షన్ చెబుతోంది. దాని మీద 30 రోజుల్లో జిల్లా రిజిస్ట్రార్‌కు అప్పీలు చేసుకోవచ్చు. బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాక 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు, దానికి ఫీజు లేదు.