550 వచ్చిన ప్రతిసారీ అడ్రస్ తప్పని రాసే కోడ్ మీద నా కోపం

వెబ్ అప్లికేషన్ నుంచి మెయిల్ పంపడం గురించి చాలా రోజులుగా రాయాలనుకుంటున్నాను. ఎస్‌ఎంటీపీ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ సెట్టింగ్స్‌లో పెట్టి, ఒక టెస్ట్ మెయిల్ మన ఇన్‌బాక్స్‌కి రాగానే పని పూర్తయిందనుకుంటాం. అసలు పని అక్కడే మొదలవుతుంది. నేను చూసిన ఒక సంఘటన మొత్తం చెబుతాను.

నమోదు చేసుకున్న 1,400 మందికి ఒక ప్రకటన పంపాలి. అడ్మిన్ పేజీలో "పంపు" బటన్ ఉంది. దాని వెనక ఒక ఫర్ లూప్. ఒక్కో మెయిల్‌కి కొత్తగా కనెక్షన్, టీఎల్‌ఎస్, లాగిన్, ఆ తర్వాత పంపడం. అన్నీ కలిపి ఒక్కో మెయిల్‌కి ఒకటిన్నర సెకను పట్టేది. యాప్‌కి ముందున్న వెబ్ సర్వర్ ఎన్‌జిన్ఎక్స్ 60 సెకన్లు ఎదురుచూసి, గడువు దాటిందని 504 ఎర్రర్ చూపించింది. ఆ గడువు దాని డిఫాల్ట్. పేజీ విఫలమైందని చూసిన మనిషి ఏం చేస్తాడు? మళ్లీ నొక్కాడు. ఎవరైనా అదే చేస్తారు, అతని తప్పేమీ లేదు. కానీ వెనక మొదటి లూప్ ఆగలేదు. రెండో లూప్ మళ్లీ మొదటి పేరు నుంచి మొదలైంది.

ఆ మెయిల్ ఖాతాకి రోజుకి 500 పరిమితి. రెండో లూప్ మొదలయ్యేసరికి మొదటిది 40 మెయిళ్లు పంపేసింది. పరిమితి తగిలేసరికి మొదటి లూప్ 270 దగ్గర, రెండోది 230 దగ్గర ఉన్నాయి. అంటే 230 మందికి ఒకే ప్రకటన రెండుసార్లు, 40 మందికి ఒకసారి, మిగతా 1,130 మందికి సున్నా. ఏడు నిమిషాల్లోపే రోజు కోటా అయిపోయింది. పాస్‌వర్డ్ రీసెట్ మెయిళ్లు కూడా అదే ఖాతా నుంచి వెళ్తాయి కాబట్టి ఆ రోజంతా అవీ ఆగిపోయాయి. పేజీ మాత్రం "లింక్ పంపాం, ఇన్‌బాక్స్ చూడండి" అంటూనే ఉంది. జనం స్పామ్ ఫోల్డర్లు వెతుక్కున్నారు.

నాకు ఎక్కువ కోపం తెప్పించింది ఇది కూడా కాదు. సర్వర్ ఇచ్చిన జవాబు `550 5.4.5`, పక్కన రోజువారీ పంపే పరిమితి దాటిందని వాక్యం. కోడ్ రాసినవాళ్లు ఆ వాక్యం చదవలేదు. 550 అంటే అలాంటి మెయిల్‌బాక్స్ లేదు అని ఎక్కడో చదివి, 550 వస్తే ఆ యూజర్ చిరునామాను చెల్లనిదిగా గుర్తించేలా రాశారు. అంతే, రెండో లూప్‌లో తిరస్కారం తగిలిన ఆ 40 మందితో కలిపి 1,170 మంది నిక్షేపమైన చిరునామాలు "చెల్లనివి" అయిపోయాయి. మర్నాడు కోటా తిరిగి వచ్చినా వాళ్లకి ఏ మెయిలూ వెళ్లలేదు, ఎందుకంటే జాబితాలో వాళ్లు లేరు. ఎర్రర్ లేదు, లాగ్ ప్రశాంతంగా ఉంది. ఇది బయటపడటానికి వారం పట్టింది.

ఒక్క క్షణం ఆలోచిస్తే తెలిసేదే. 587 పోర్టులో లాగిన్ అయి మనం మాట్లాడేది మన మెయిల్ సర్వర్‌తో. అందుకునేవాళ్లది వేరే డొమైన్ అయితే, ఆ మనిషి ఉన్నాడో లేడో మన సర్వర్‌కి అప్పటికి తెలియదు. అది వాళ్ల సర్వర్ తలుపు ఇంకా తట్టనే లేదు. కాబట్టి ఆ దశలో వచ్చే తిరస్కారం చాలావరకు మన గురించే: మన కోటా, మన లాగిన్, మన ఫ్రమ్ చిరునామా. చిరునామా నిజంగా లేకపోతే ఆ కబురు తర్వాతెప్పుడో బౌన్స్ మెయిల్‌గా తిరిగొస్తుంది. మన సర్వర్ 250 అందంటే "తీసుకున్నాను" అని మాత్రమే, అందించానని కాదు.

4తో మొదలైతే తాత్కాలికం, 5తో మొదలైతే శాశ్వతం అన్న నియమం ఎస్‌ఎంటీపీలో ఉంది, మంచిదే. కానీ అక్కడ ఆగకూడదు. చుక్కలతో వచ్చే రెండో కోడ్ చదవాలి. దాని అర్థాలు ఇంటర్నెట్ ప్రమాణ పత్రమైన ఆర్‌ఎఫ్‌సీ 3463లో ఉన్నాయి: చివరి రెండు అంకెలు 1.1 అయితే చిరునామా సమస్య, 4.5 అయితే మెయిల్ వ్యవస్థలో రద్దీ. ఆ రద్దీ కోడ్ తాత్కాలిక వైఫల్యాలకే పనికొస్తుందని అందులోనే రాసి ఉంది. అయినా దాన్ని 5తో పంపే సర్వర్లు ఉన్నాయి. మనం వాటితోనే బతకాలి.

మేం చివరికి పెట్టుకున్న నిర్ణయం ఇంత చిన్నది:

```python
def decide(code, text):
    if code == 535 or "5.4.5" in text:
        return "stop_queue"
    if 400 <= code < 500:
        return "retry_later"
    if "5.1.1" in text:
        return "bad_address"
    return "needs_human"
```

పైథాన్ `smtplib`లో `smtp_error` బైట్స్‌గా వస్తుంది, ముందు డీకోడ్ చేసి ఇవ్వాలి. `stop_queue` అంటే తప్పు ఆ మెయిల్‌ది కాదు, ఖాతాది. 535 అంటే పాస్‌వర్డ్ చెల్లలేదు. తర్వాతి వెయ్యి మెయిళ్లకీ అదే జవాబు వస్తుంది, పైగా తప్పు లాగిన్లు పదేపదే చేస్తే ఖాతానే లాక్ కావచ్చు. క్యూ ఆపి మనిషిని పిలవడమే సరైన పని. కోటా అయితే అది మళ్లీ తెరుచుకునేదాకా ఆగడం. మనం గుర్తుపట్టలేని జవాబు వస్తే యూజర్ రికార్డు జోలికి వెళ్లకూడదు, మనిషి చూడాలి.

బటన్ ఇప్పుడు మెయిల్ పంపదు. ఒక టేబుల్‌లో 1,400 వరుసలు రాసి వెంటనే తిరిగొస్తుంది. ప్రకటన ఐడీ, యూజర్ ఐడీ కలిపి యూనిక్ కాబట్టి పదిసార్లు నొక్కినా రెండో వరుస పుట్టదు. వేరే వర్కర్ ఒకసారి లాగిన్ అయి, అదే కనెక్షన్ మీద వరసగా పంపుతుంది. 500లో 100 రీసెట్ మెయిళ్లకని పక్కన పెట్టాం, ప్రకటనలు 400 దాటవు. మళ్లీ ప్రయత్నించే ముందు కనీసం 30 నిమిషాలు ఆగమని ఆర్‌ఎఫ్‌సీ 5321 సూచిస్తుంది. ప్రకటనకి అది సరిపోతుంది. 15 నిమిషాల్లో కాలం చెల్లే రీసెట్ లింక్‌కి అది అర్థం లేని పని కాబట్టి దానికి నిమిషం, మూడు నిమిషాలు అని రెండే ప్రయత్నాలు, ఆపైన పేజీలోనే "పంపలేకపోయాం" అని నిజం చెబుతాం.

ఒక్కటి మాత్రం పూర్తిగా తీరదు. మెయిల్ మొత్తం ఇచ్చి, అది ముగిసిందని చెప్పే చివరి చుక్క పంపాక, 250 వచ్చేలోపు కనెక్షన్ తెగితే సర్వర్ దాన్ని తీసుకుందో లేదో మనకు తెలిసే దారి లేదు. ఆ జవాబు కోసం 10 నిమిషాలు ఆగమంటుంది ఆర్‌ఎఫ్‌సీ. మనవాళ్లు పది సెకన్ల టైమౌట్ పెట్టి, తెగగానే మళ్లీ పంపి, డూప్లికేట్లు ఎందుకు వస్తున్నాయని అడుగుతారు. అలాంటి వరుసని మేం "తెలియదు" అని గుర్తిస్తాం. రీసెట్ అయితే మళ్లీ పంపుతాం, రెండు వచ్చినా నష్టం లేదు. ప్రకటన అయితే మనిషి చూసేదాకా ఆపుతాం. మళ్లీ పంపినా మెసేజ్-ఐడీ పాతదే ఉంచుతాం.

ఆ 1,170 మంది గుర్తు తీసేసి, ప్రకటన అందని 1,130 మందికి రోజుకి 400 చొప్పున మూడు రోజుల్లో పంపాం. అప్పటిదాకా ఎవరూ తెరవని ఫ్రమ్ చిరునామా ఇన్‌బాక్స్ తెరిచి బౌన్స్‌లు లెక్కపెట్టాం. నిజంగా లేని చిరునామాలు తొమ్మిది.