పట్టీలు పంచేలోపే పీరియడ్ అయిపోయింది

దేవరకొండ వైపు ఒక ప్రాథమిక పాఠశాలలో నాలుగో తరగతి గణితం పాఠం చూడడానికి వెళ్లాను. పాఠం భిన్నాలు. ఉపాధ్యాయుడి పాఠ్య ప్రణాళిక ముచ్చటగా ఉంది: లక్ష్యాలు, పూర్వజ్ఞానం, బోధన సామగ్రి, మూల్యాంకనం, దేనికి ఆ గడి. కృత్యం గడిలో ‘కాగితపు పట్టీలను మడిచి సగం, పావు గుర్తించడం, 15 నిమిషాలు’ అని ఉంది. తరగతిలో ఉన్నది 28 మంది. ఆయన ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి పట్టీ ఇస్తూ పోయారు. మనిషికి పది సెకన్లనుకున్నా దాదాపు అయిదు నిమిషాలు. చివరి పిల్లవాడి చేతికి పట్టీ చేరేసరికి మొదటి వరుసలో ఒక పట్టీ విసనకర్ర అయింది, ఇంకొకటి పడవ అయింది. అప్పుడు ఆయన ఏం చేయాలో చెప్పడం మొదలుపెట్టారు. పట్టీలు చేతిలో ఉన్న పిల్లలు ఆ మాటలు ఎందుకు వింటారు? మళ్లీ గదమాయింపు, మళ్లీ మొదటి నుంచి వివరణ. పావు దాకా రాకముందే గంట కొట్టారు.

తప్పు ఆయన బోధనలో లేదు, ప్రణాళిక రాసిన తీరులో ఉంది. మన ప్రణాళికల్లో కృత్యం పేరు ఉంటుంది, దానికి పట్టే సమయం ఉంటుంది. ఆ కృత్యంలోకి పిల్లలు ఎలా వెళ్తారు, అందులోంచి ఎలా బయటికి వస్తారు అన్నది ఉండదు. చాలామంది ప్రణాళికను పర్యవేక్షణకు వచ్చే అధికారి కోసం రాస్తారు కాబట్టి, అధికారి అడగనిది అందులో కనిపించదు. తరగతి నిర్వహణపై పరిశోధించిన అమెరికన్ మనస్తత్వవేత్త జాకబ్ కౌనిన్ 1970లో ప్రకటించిన ఫలితాలు ఇక్కడ పనికొస్తాయి. అల్లరి జరిగాక ఉపాధ్యాయుడు ఎలా మందలించాడన్నదానితో తరగతి తీరు పెద్దగా మారలేదు. అల్లరికి చోటివ్వకుండా ఒక పనిలోంచి మరో పనిలోకి ఎంత సాఫీగా నడిపించాడన్నదే తేడా చూపింది.

ఆ ఉపాధ్యాయుడూ నేనూ భోజన విరామంలో కూర్చుని అదే పాఠాన్ని మళ్లీ రాశాం. ముందు కూర్చోబెట్టడంతో మొదలుపెట్టాం, ఎందుకంటే మిగతా రెండూ, అంటే సంకేతమూ పంపిణీ కూడా, దాని మీదే ఆధారపడతాయి. ఆ గదిలో ఇనుప కాళ్ల డ్యుయల్ డెస్కులు ఉన్నాయి. బల్లా కూర్చునే పలకా కలిసి ఉంటాయి కాబట్టి ముందు బెంచీ వాళ్లు వెనక్కి తిరిగి కూర్చోలేరు. డెస్కులు లాగితే ఆ చప్పుడు పక్క గదికీ వినిపిస్తుంది. అందుకే జట్టు పనికి నేల మీద పట్టాలు పరిచి, సుద్దముక్కతో ఏడు గుండ్రాలు గీసి, ఒక్కోదాని చుట్టూ నలుగురిని కూర్చోబెట్టాలని నిర్ణయించాం. నలుగురికీ ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలు. అయిదుగురి జట్టు మాత్రం వద్దన్నాను. అయిదో పిల్లవాడు ఎప్పుడూ చూస్తూ కూర్చుంటాడు.

పాఠమంతా గుండ్రంగానే కూర్చోవాలని లేదు. మాట్లాడుకుని చేసే పనికి గుండ్రం, ఎవరి నోటుపుస్తకంలో వారు చేసే పనికి వరుస. రెండో పనిలోనూ ఎదురెదురుగా కూర్చుంటే పక్కవాడి పుస్తకమే కనిపిస్తుంది.

గుండ్రంగా కూర్చున్నప్పుడు సగం మందికి నల్లబల్ల వీపు వెనక ఉంటుంది. పిల్లల్ని ఆపడానికి ఈ ఉపాధ్యాయుడికి చెయ్యెత్తి నిలబడే అలవాటు. వరుసల్లో అది బాగా పనిచేసింది. గుండ్రాల్లో మాత్రం పద్నాలుగు మంది ఆయన్ని చూడనే లేరు. అంటే సంకేతానికి శబ్దం కావాలి. చప్పట్లు పెడదామన్నారు: రెండు నెమ్మదిగా, మూడు త్వరగా, పిల్లలు అదే వరుసలో బదులివ్వాలి. మధ్యలో చెక్క తలుపు మాత్రమే ఉన్న పక్క తరగతిలోనూ అదే చప్పట్ల వరుస వాడుతున్నారని ఆ తర్వాత తెలిసింది. అక్కడ కొడితే ఇక్కడి పిల్లలు పని ఆపి బదులిస్తున్నారు! చివరికి పలక అంచు మీద కర్రతో మూడు దెబ్బలు కొట్టడం ఖాయమైంది.

సంకేతం ఏదైనా సరే, అది వినిపించాక పిల్లలు చేయాల్సినవి మూడే: చేతిలోది కింద పెట్టడం, నోరు ఆపడం, ఉపాధ్యాయుడి వైపు తిరగడం. మొదటి మూడు రోజులు పాఠంతో సంబంధం లేకుండా దీన్నే రెండు మూడు సార్లు సాధన చేయించాలి. ఆ ప్రాంతంలో తండాల నుంచి వచ్చి ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్లలు ఉంటారు. వాళ్లకు మాటల్లో చెప్పడం కన్నా ఒక జట్టుతో చేయించి చూపించడం మేలు. సంకేతం చచ్చిపోయే దారి ఒకటుంది: దెబ్బ కొట్టి, పూర్తిగా ఆగకముందే ఉపాధ్యాయుడు మాట్లాడటం. అలా రెండు రోజులు చేస్తే ఆ శబ్దానికి అర్థం లేదని పిల్లలు తేల్చుకుంటారు. ఆ తర్వాత ఆయన రెండోసారి, మూడోసారి కొట్టాల్సి వస్తుంది. పది రోజుల సాధన తర్వాత కూడా రెండోసారి కొట్టాల్సి వస్తుంటే తప్పు పిల్లల్లో వెతకొద్దు. ఇచ్చిన పని వాళ్లకు అర్థం కాలేదా, లేక ఎప్పుడో అయిపోయిందా అని చూడండి. ఆ రెండింటికీ పలక దెబ్బ మందు కాదు.

ఇక పంపిణీ. ముందురోజు సాయంత్రమే పాత శుభలేఖల కవర్లు ఏడు తీసుకుని, ఒక్కోదానిలో 24 సెంటీమీటర్ల పట్టీలు అయిదు, రంగు క్రేయాన్లు రెండు పెట్టాలి. అయిదో పట్టీ చిరిగినవారికి. 24 ఎందుకంటే, మడిచినకొద్దీ 12, 6, 3 అని పూర్ణసంఖ్యలే వస్తాయి, స్కేలు పెట్టి పిల్లలే సరిచూసుకోవచ్చు. కవర్లు తెచ్చేది ఈ వారం మూడో అంకె పిల్లలు, వచ్చే వారం నాలుగో అంకె. ఇలా మార్చకపోతే ప్రతి జట్టులోనూ చురుకైన ఒక్కరే లేస్తారు. అన్నిటికంటే ముఖ్యం, కవర్లు జట్ల దగ్గరికి రాకముందే చెప్పాల్సిందంతా చెప్పేయాలి. ఖాళీ చేతులతో వినాలి, ఒక పిల్లవాడు తిరిగి చెప్పాలి, ఆ తర్వాతే కవరు.

కొత్త ప్రణాళికలో నిమిషాలు ఇలా పడ్డాయి. మొదటి ఆరు నిమిషాలు వరుసల్లో పునశ్చరణ. ఎనిమిదో నిమిషానికల్లా గుండ్రాల్లోకి మారి, పలక దెబ్బకు ఆగాలి. పదమూడు దాకా వివరణ, ప్రదర్శన. ఒక్క నిమిషంలో కవర్లు. పద్నాలుగు నుంచి ఇరవై తొమ్మిది దాకా మడతలు, మధ్యలో ఇరవై ఒకటో నిమిషంలో ఒక్కసారి ఆపి ‘రెండు పావులు కలిస్తే ఎంత?’ అని అడగాలి. ఆ తర్వాత మూడోసారి సంకేతం. రెండు నిమిషాల్లో కవర్లలోకి క్రేయాన్లు లెక్కపెట్టి వేసి ఇవ్వడం, మరో రెండు నిమిషాల్లో వరుసల్లోకి మళ్లడం, మిగిలిన పన్నెండు నిమిషాలు నోటుపుస్తకం. కదలికలకూ పంపిణీకీ మొత్తం ఏడు నిమిషాలు పోయాయి. ‘ఏడు నిమిషాలు వృథా కదా’ అన్నారాయన. ఆ ఉదయం పోయినవి ఎన్నో ఆయనకూ తెలుసు కాబట్టి నేను నవ్వి ఊరుకున్నాను. పాఠం మొత్తంలో మూడు సంకేతాలకు మించి మాత్రం రాయనివ్వలేదు. ఆపిన ప్రతిసారీ మడత మీద ఉన్న ఆలోచన కూడా తెగుతుంది.

ఈ లెక్క 28 మంది వచ్చిన రోజుది. దసరా దాటి పత్తి ఏరడం మొదలైతే ఆ తరగతికి 22 మందే వస్తారు. అప్పుడు నలుగురి జట్లు అయిదు చేస్తే ఇద్దరు మిగులుతారు. నలుగురివి నాలుగు, ముగ్గురివి రెండు చేస్తే అందరూ సరిపోతారు, కవర్లు మార్చే పని కూడా ఉండదు. పాలమూరు వైపు బడుల్లో ఇంకో చిక్కు: పెద్దలతో ముంబై, పుణె వలస వెళ్లిన పిల్లలు ఏడాది నడుమ తిరిగి వస్తారు. పలక దెబ్బకు ఏం చేయాలో వాళ్లకు తెలియదు. తెలియక మాట్లాడిన పిల్లవాడిని తరగతి అంతటి ముందు మందలించడం నేను చూశాను. వాళ్ల పక్కన ఎవరు కూర్చుని చూపిస్తారో ఆ పేరు ప్రణాళికలోనే రాసుకుంటే సరిపోతుంది.

ఒకే గదిలో మూడు, నాలుగు, అయిదు తరగతులు నడిపే ఏకోపాధ్యాయ బడికి మాత్రం ఈ ప్రణాళిక ఇలాగే పనికిరాదు. పలక దెబ్బకు మూడు తరగతులూ ఆగిపోతాయి. అక్కడ శబ్దం వదిలేసి ఉపాధ్యాయుడే నాలుగో తరగతి పట్టాల మధ్యకు వెళ్లి నేల మీద కూర్చోవాలి. ఆయన కూర్చున్నారంటే ఆ ఏడెనిమిది మంది చేతిలోవి కింద పెట్టాలి. మిగతా రెండు తరగతులకు ఆ సమయంలో చూసి రాసే పని ముందే ఇచ్చి ఉండాలి.